బాబాయికి పీఎస్4 అప్పగిస్తూ ఏం రాసివ్వాలి?

ప్రశ్న: వచ్చే నెల ఉద్యోగం మీద పుణె వెళ్తున్నాం. మా గేమ్ పెట్టె పీఎస్4 స్లిమ్‌ని కాకినాడలో అమ్మవాళ్లింట్లోనే ఉంచేస్తున్నాం. సెలవులకు వచ్చినప్పుడు అక్క పిల్లలు ఆడుకుంటారు. దాన్ని చూసుకునేది మా బాబాయి. ఆయనకు టీవీ, సెట్‌టాప్ బాక్స్ బాగా తెలుసు, గేమ్‌ల జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. కరెంటు సంగతి, టీవీ ఇన్‌పుట్, మామూలుగా వచ్చే ఇబ్బందులు అన్నీ రాద్దామని కూర్చుంటే నాలుగు పేజీలైంది. అంత ఆయన చదవరు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

సమాధానం:

మీ బాబాయి ఆ కాగితం తీసేది పిల్లలు “చిన్నతాతయ్యా, రావట్లేదు” అని చుట్టూ మూగినప్పుడు. ఆ క్షణంలో ఆయన చూడగలిగినవి రెండే: పెట్టె మీద లైటు ఏ రంగులో ఉంది, టీవీ మీద ఏముంది. కాబట్టి కాగితం ఆ రెండింటి నుంచే మొదలవ్వాలి. “మెనూలో ఏమేం ఉంటాయి” అని మీరు రాసిన పేజీలన్నీ తీసేయండి. గేమ్ ఎలా పెట్టాలో, ఎలా ఆడాలో పిల్లలకు మీకంటే బాగా తెలుసు.

ముందు కరెంటు సంగతి. ఇదే కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో పీఎస్4కి నిజమైన ప్రమాదం ఇక్కడే ఉంది. పడుకునే ముందు హాల్లో స్విచ్‌లన్నీ కట్టేయడం పెద్దవాళ్లకు అలవాటు. పీఎస్4కి ‘ఆపడం’ రెండు రకాలు. ఒకటి పూర్తిగా ఆపడం, అప్పుడు లైటు ఆరిపోతుంది. రెండోది రెస్ట్ మోడ్, అప్పుడు లైటు నారింజ రంగులో వెలుగుతూ ఉంటుంది. చప్పుడు ఉండదు, టీవీ మీద బొమ్మ ఉండదు, చూసేవాళ్లకు ఆగిపోయినట్టే ఉంటుంది. కానీ లోపల అది మేలుకునే ఉంటుంది, ఆట మధ్యలో వదిలేసి ఉండొచ్చు, హార్డ్‌డిస్క్‌లోకి ఏదో దించుకుంటూ ఉండొచ్చు. ఆ నారింజ లైటు మీద బోర్డు స్విచ్ కట్టేస్తే నడుస్తున్న కంప్యూటర్ తీగ పీకినట్టే. ఒకసారికి ఏమీ కాకపోవచ్చు. రోజూ అదే జరిగితే సేవ్ చేసిన ఆట పాడవొచ్చు, అది ముదిరితే హార్డ్‌డిస్క్ దాకా రావొచ్చు.

అందుకే ఆ ఇంట్లో రెస్ట్ మోడ్ అనేదే లేకుండా చేయండి. పిల్లలకూ బాబాయికీ ఒకే పద్ధతి నేర్పండి: కంట్రోలర్ మధ్యలో ఉన్న పీఎస్ బటన్ నొక్కి పట్టుకుంటే పక్కన చిన్న మెనూ వస్తుంది, అందులో Power, ఆ తర్వాత Turn Off PS4. దాని పక్కనే Enter Rest Mode అని ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు. తెల్ల లైటు కాసేపు మిణుకుమిణుకుమని ఆరిపోతుంది. పూర్తిగా ఆరాకే బోర్డు స్విచ్.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. పెట్టె ముందువైపు పవర్ బటన్‌ని ఊరికే ఒకసారి నొక్కితే పీఎస్4 ఆగదు, రెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. కంట్రోలర్‌లో చార్జింగ్ అయిపోయి మెనూకి వెళ్లే దారి లేకపోతే ఆ బటన్‌నే రెండో బీప్ వినపడేదాకా, అంటే ఏడు సెకన్లు, నొక్కి పట్టుకోవాలి. అప్పుడు పూర్తిగా ఆగుతుంది. నారింజ లైటు కనిపిస్తే ముందు పీఎస్ బటన్ నొక్కి లేపి, తర్వాత మెనూలోంచి ఆపడం మంచిది. ఈ ముక్క కాగితంలో తప్పక ఉండాలి.

ఆడుతుండగా కరెంటు పోతే ఏం చేయాలి? వెంటనే బోర్డు మీద స్విచ్ కట్టేయమనండి. కరెంటు వచ్చిన మొదటి నిమిషాల్లో మళ్లీ పోయి రావడం, వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉండటం మామూలే. ఫ్యాన్ ఒకే వేగంతో తిరుగుతోందని నమ్మకం కుదిరాక స్విచ్ వేయాలి. మామూలుగా ఆపలేదని పీఎస్4 ఒక సందేశం చూపించి, హార్డ్‌డిస్క్‌ని తనే తనిఖీ చేసుకుంటుంది. గీత మెల్లగా కదులుతుంది. అది పూర్తయ్యేదాకా ఏ బటనూ నొక్కొద్దు, స్విచ్ అసలే కట్టేయొద్దు. ఆ తనిఖీ మధ్యలో రెండోసారి కరెంటు తీసేయడం మొదటిసారి పోయినదాని కంటే చెడ్డది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మీరు వెళ్లేలోపు ఒక పని చేయండి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని రెండుంటాయి. కొన్నిటికి వెనక చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నిటికి ముందు బటన్ ఉంటుంది. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే సందులో ఫ్యాన్, లైటు కనిపించనంతసేపు ఆగి నడిచిపోతాయి, పీఎస్4 మాత్రం ఆగిపోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో ఆ సందు బాగా తగ్గుతుంది. పీఎస్4, టీవీ రెండూ ఇన్వర్టర్ లైన్‌లో ఉన్న ప్లగ్‌లోనే ఉన్నాయేమో చూసి, ఆట నడుస్తుండగా మెయిన్ కట్టేసి పరీక్షించండి. కొత్తగా ఏదో సేవ్ అవుతున్నప్పుడు మాత్రం ఆ పరీక్ష చేయొద్దు. స్టెబిలైజర్ కొనాలా అని అడుగుతారేమో. పీఎస్4 స్లిమ్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా చేసిందే, తక్కువ వోల్టేజికి భయపడనక్కర్లేదు. దాన్ని బాధపెట్టేది అకస్మాత్తుగా పోవడం, పిడుగులప్పుడు వచ్చే పోటు. ఉరుములు మొదలైతే ఆట ఆపి, ప్లగ్గే తీసేయమని రాయండి.

ఇంకొకటి, గుడ్డ. దుమ్ము పడకుండా కుట్టుపని గుడ్డ కప్పడం అమ్మవాళ్లకు అలవాటు. ఆపి ఉన్నప్పుడు కప్పితే మంచిదే. వేసే ముందు గుడ్డ తీయాలి, వెనకవైపు వేడిగాలి పోయే చోట జానెడు ఖాళీ ఉండాలి, టీవీ అల్మరా తలుపులు తెరిచి ఉండాలి. ఆడుతుండగా తెరమీద too hot అనే మాట కనిపిస్తే మెనూలోంచి ఆపేసి అరగంట వదిలేస్తే సరిపోతుంది.

ఇక ఇన్‌పుట్. సెట్‌టాప్ బాక్స్ HDMI 1లో ఉంటే పీఎస్4ని HDMI 2లో పెట్టి, టీవీ వెనక రెండు తీగలకూ చిన్న చీటీలు అతికించండి. రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే బటన్ మీద, దాని పేరు సోర్స్ అయినా ఇన్‌పుట్ అయినా, రంగు టేపు ముక్క అతికిస్తే కాగితంలో “ఎర్ర టేపు బటన్” అని రాసేయొచ్చు.

పీఎస్4 వేయగానే టీవీ తనంతట తనే దాని ఇన్‌పుట్‌కి మారిపోయే సదుపాయం ఒకటుంది, Settings లోపల System కింద Enable HDMI Device Link. దీన్ని తీసేయమని నా సలహా. మీ ఇంట్లో అయితే అది హాయిగానే ఉంటుంది. అక్కడ అమ్మ సీరియల్ చూస్తుంటే సోఫాలో పడున్న కంట్రోలర్ మీద ఎవరో కూర్చుంటారు, పీఎస్ బటన్ నొక్కుకుపోతుంది, సీరియల్ మాయమై గేమ్ తెర వస్తుంది. బాబాయికి అది ఎలా జరిగిందో అర్థం కాదు. ఇన్‌పుట్ మారేది ఎర్ర టేపు బటన్‌తో మాత్రమే అయితే అటు వెళ్లడమూ ఇటు రావడమూ ఆయన చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు కష్టమైన సందర్భం తీసుకుందాం, బొమ్మ రాకపోవడం. దసరా సెలవుల్లో హాల్లోకి కొత్త టీవీ వచ్చింది, కొన్నాళ్లు దానికి కలిపిన పీఎస్4ని తర్వాత లోపలి గదిలో, సెట్‌టాప్ బాక్స్ ఉన్న పాత టీవీ దగ్గర పెట్టారనుకోండి. వేశారు. బీప్ వచ్చింది, లైటు నీలంగా వెలిగి తెల్లబడింది. టీవీ మీద ఏమీ లేదు. తెల్ల లైటు వచ్చిందంటే పీఎస్4 తన పని తాను చేస్తున్నట్టే, బొమ్మ దారిలో ఎక్కడో ఆగింది. నీలం లైటు తెల్లబడకుండా కొట్టుకుంటూ ఉండిపోతే అది వేరే జబ్బు, ఎక్కువగా పెట్టె లోపలిది. ఆపి ఒకసారి మళ్లీ వేసి చూసి, అలాగే ఉంటే మీకు ఫోన్ చేయమనండి.

టీవీ మీద No Signal అని ఉంటే ముందు ఎర్ర టేపు బటన్‌తో మిగిలిన ఇన్‌పుట్‌లన్నీ తిప్పి చూడాలి. సగంసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే టీవీనీ పీఎస్4నీ ఆపి, బోర్డు స్విచ్‌లు కట్టేసి, సెట్‌టాప్ బాక్స్‌కి ఉన్న తీగను దాని వెనక నుంచి తీసి పీఎస్4కి పెట్టాలి. టీవీ వైపు చివర కదపొద్దు. సెట్‌టాప్ బాక్స్ బొమ్మ వచ్చే తీగ, వచ్చే రంధ్రం అవి. రెండూ బాగున్నాయని ముందే తెలుసు కాబట్టి ఈ ఒక్క మార్పుతో తీగనూ టీవీనీ ఒకేసారి పరీక్షించినట్టవుతుంది. ఇప్పుడు బొమ్మ వస్తే పాత తీగో, పాత రంధ్రమో పాడు. పీఎస్4కి ఏమీ కాలేదు.

అప్పటికీ రాకపోతే సేఫ్ మోడ్. పీఎస్4 పూర్తిగా ఆగి ఉండగా పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. వెంటనే ఒక బీప్, ఏడు సెకన్లకు రెండో బీప్. రెండో బీప్‌కి వదిలేయాలి. కంట్రోలర్‌ని తీగతో పెట్టెకి కలిపి పీఎస్ బటన్ నొక్కితే ఏడు వరసల జాబితా వస్తుంది. ఈ జాబితాని పీఎస్4 ఏ టీవీ అయినా చూపించగలిగేంత తక్కువ రెజల్యూషన్‌లో పంపుతుంది. అదే దీని విలువ. జాబితా కనపడితే తీగ, రంధ్రం అన్నీ బాగున్నాయి, మామూలుగా పంపే రెజల్యూషన్‌ని పాత టీవీ పట్టలేకపోతోంది. 2వ వరస Change Resolution ఎంచుకుంటే సరి. జాబితా కూడా కనపడకపోతే పీఎస్4 వెనక తీగ గుచ్చే రంధ్రమే దెబ్బతిన్నట్టు అనుమానించాలి. తీగను కాస్త కదిపితే బొమ్మ వచ్చి పోతుంటే ఆ అనుమానం ఖాయం. ఇక ఇంట్లో చేసేదేమీ లేదు, రిపేరు షాపులో ఆ రంధ్రాన్ని బోర్డు మీద నుంచి తీసి కొత్తది టంకం వేస్తారు. హార్డ్‌డిస్క్‌ని ఫార్మాట్ చేయాల్సిన అవసరం ఆ పనికి లేదని షాపువాళ్లతో చెప్పమనండి.

ఈ రెజల్యూషన్ గొడవ రాకుండా మీరే ముందు జాగ్రత్త పడొచ్చు. Settings, Sound and Screen, Video Output Settings లోకి వెళ్లి Resolution దగ్గర 1080p అని చేత్తో పెట్టి ఉంటే Automaticకి మార్చేయండి. రంధ్రం విషయంలో జాగ్రత్త కూడా చిన్నదే: పెట్టెని ఇంకో గదికి మార్చాలంటే తీగను పెట్టె వైపు పీకకుండా టీవీ వైపు పీకి, తీగతో పాటే తీసుకెళ్లాలి. ఎప్పుడూ అరిగేది పెట్టె వైపు రంధ్రమే. తీగలు కలిపేటప్పుడు స్విచ్‌లు కట్టేయమనడం ఎందుకంటే, ఇవి రెండు పిన్నుల ప్లగ్ వస్తువులు, ఎర్త్ ఉండదు. తీగ చివరి లోహాన్ని ముట్టుకుంటే కొన్నిసార్లు చెయ్యి జివ్వుమంటుంది. మనిషికి ప్రమాదం తక్కువ, రంధ్రం వెనక ఉన్న చిప్‌కి ఎక్కువ.

సేఫ్ మోడ్ జాబితా గురించి కాగితంలో ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాయండి: 1, 2, 5 చేయొచ్చు, 3, 4 నన్ను అడిగాక, 6, 7 ముట్టుకోవద్దు. 1 మామూలుగా మళ్లీ మొదలుపెట్టడం. 5 Rebuild Database, పీఎస్4 బాగా నెమ్మదించినా, గేమ్‌ల బొమ్మలు కనిపించకపోయినా పనికొస్తుంది. గేమ్‌లూ సేవ్‌లూ పోవు, సమయం మాత్రం పట్టొచ్చు కాబట్టి కరెంటు నిలకడగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. 6, 7 రెండూ అన్నీ చెరిపేస్తాయి.

చెరిపేసినా ఏడవక్కర్లేకుండా మీరు వెళ్లే ముందు పిల్లల సేవ్‌లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. Settings లో Application Saved Data Management, అందులో Saved Data in System Storage, తర్వాత Copy to USB Storage Device. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉండాలి. మీ ఖాతాతో డిజిటల్‌గా కొన్న గేమ్‌లుంటే Account Management లో ఆ పెట్టెని మీ ప్రైమరీగా పెట్టి ఉంచండి. లేకపోతే మీరు లేనప్పుడు పిల్లలు వాళ్ల ఖాతాతో తెరిస్తే గేమ్ పక్కన తాళం గుర్తు కనపడి, అది తెరుచుకోదు.

కంట్రోలర్ల గొడవ పిల్లల వల్లే ఎక్కువ వస్తుంది. పెద్ద పిల్లాడు కంట్రోలర్‌ని తన ఫోన్‌కి బ్లూటూత్‌తో కలుపుకుని ఆడతాడు. ఆ తర్వాత పీఎస్ బటన్ ఎంత నొక్కినా పెట్టె లేవదు, కంట్రోలర్ లైటు తెల్లగా మిణుకుమిణుకుమని ఆరిపోతుంది. కంట్రోలర్ పాడైందని పెద్దవాళ్లు బాధపడతారు. తీగతో పెట్టె ముందు రంధ్రానికి కలిపి పీఎస్ బటన్ నొక్కితే మళ్లీ జత కుదురుతుంది. అయితే తీగ డేటా పోయేదై ఉండాలి. పవర్ బ్యాంకులతో వచ్చే కొన్ని సన్న తీగలు చార్జింగ్ మాత్రమే ఇస్తాయి, వాటితో కంట్రోలర్ జత కుదరదు. పనిచేసే తీగను ఒకదాన్ని పరీక్షించి, పెట్టెకి కట్టి ఉంచండి. దాంతోనూ కుదరకపోతే కంట్రోలర్ వెనక L2 బటన్ దగ్గర సన్న రంధ్రం ఉంటుంది, ఫోన్ సిమ్ తీసే పిన్నుతో అయిదు సెకన్లు లోపలికి నొక్కి, మళ్లీ తీగతో కలపాలి. పూర్తిగా ఆపిన పీఎస్4 నుంచి కంట్రోలర్‌కి చార్జింగ్ ఎక్కదు, రెస్ట్ మోడ్ మనం వద్దనుకున్నాం. కాబట్టి అయిదు వోల్టుల పాత ఫోన్ చార్జర్ ఒకటి దీనికోసం పక్కన పెట్టండి.

ఆట మధ్యలో ఆగిపోయి CE-34878-0 అని వస్తే ఆ గేమ్ తట్టుకోలేక ఆగిందని అర్థం. ఒకసారి పీఎస్4ని ఆపి వేస్తే సాధారణంగా సరిపోతుంది. ఒకే గేమ్‌లో పదేపదే వస్తుంటే ఆ గేమ్‌ని తీసి మళ్లీ వేయాలి, సేవ్‌లు విడిగా ఉంటాయి కాబట్టి పోవు. మిగతా కోడ్‌లు వివరించొద్దు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి, చాలు.

ఇప్పుడు మీ నాలుగు పేజీల బదులు నేనైతే ఇలా రాస్తాను. ఒక్క పేజీ, పెద్ద అక్షరాలు:

బాబాయ్, ముందు పెట్టె మీద లైటు చూడండి.

లైటు లేదు: ఆగి ఉంది. బోర్డు స్విచ్ కట్టేయొచ్చు.

నారింజ: ఆగలేదు, నిద్రపోతోంది. స్విచ్ కట్టేయొద్దు. పీఎస్ బటన్‌తో లేపి, Power, Turn Off PS4.

తెలుపు, బొమ్మ ఉంది: బాగుంది.

తెలుపు, బొమ్మ లేదు: ఎర్ర టేపు బటన్ నొక్కి HDMI 2. రాకపోతే అన్నీ ఆపి, స్విచ్‌లు కట్టేసి, సెట్‌టాప్ బాక్స్ తీగ పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే నాకు ఫోన్ చేయండి, సేఫ్ మోడ్ ఇద్దరం కలిసి చూద్దాం.

నీలం కొట్టుకుంటూనే ఉంది: ఒకసారి ఆపి వేయండి. మళ్లీ అలాగే ఉంటే ఫోన్.

కరెంటు పోయింది: స్విచ్ కట్టేయండి. నిలకడగా వచ్చాక వేయండి. తనిఖీ గీత పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దు.

కంట్రోలర్ పలకట్లేదు: పెట్టెకి కట్టి ఉన్న తీగతో కలిపి పీఎస్ బటన్.

సేఫ్ మోడ్: 1, 2, 5 సరే. 3, 4 నన్ను అడిగాక. 6, 7 వద్దు.

గుడ్డ తీసి వేయండి. ఉరుములైతే ప్లగ్ తీసేయండి.

దీన్ని లామినేషన్ చేయించి టీవీ పక్కన గోడకి అతికించండి. వెళ్లే ముందు ఒక సాయంత్రం బాబాయిని కూర్చోబెట్టి, మీరు చెయ్యి పెట్టకుండా మూడు పనులు ఆయన చేతే చేయించండి: నారింజ లైటు నుంచి పూర్తిగా ఆపడం, సీరియల్ నుంచి గేమ్‌కీ గేమ్ నుంచి సీరియల్‌కీ మారడం, కంట్రోలర్‌ని తీగతో జత చేయడం. ఏ వాక్యం దగ్గర ఆయన ఆగి మీ వైపు చూస్తే ఆ వాక్యాన్ని అప్పుడే ఆయన మాటల్లో తిరగరాయండి. లామినేషన్ ఆ తర్వాతే చేయించండి.